అంకెలు ఏరే పాపక్క

పాపక్కకు పెళ్ళిపత్రిక ఇస్తే పెళ్ళికూతురి పేరు కనపడేది కాదు. ముహూర్తం గంటలు, నిమిషాలు, తేదీ, ఇంటి నెంబరు, కింద మూలన అచ్చువేసిన ఫోన్ నెంబరు మాత్రం కళ్ళకు గబుక్కున అంటుకునేవి. చిక్‌పేటలో నడిచి వెళితే అంగడి బోర్డుల మీద పేర్లుండేవని ఆమె గమనించనే లేదు. మెజెస్టిక్ దగ్గర బస్సు ఎక్కేటప్పుడు ఊరిపేరు చదవదు, నెంబరు చదువుతుంది. ఇదేమీ పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. రోజంతా చేసే పని ఇంటికి కూడా వెంట వచ్చేసింది, అంతే.

కబ్బన్‌పేటలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల పాపక్క. ఎస్సెస్సెల్సీ దాటి టైపు నేర్చుకుంది. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఒక పంపుసెట్ల కంపెనీ, అట్టకార్డుల్లో రంధ్రాలు చూసి లెక్కలు కట్టే కార్డు మిషన్లు తెప్పించినప్పుడు, ఆ మిషన్ల ముందు కూర్చోబెట్టడానికి వేళ్ళు చురుకైన ఆడపిల్లలు కావాలన్నారు. పాపక్కను తీసుకున్నారు. అప్పటికే ఆమెకు సొన్నప్పతో పెళ్ళయింది. సొన్నప్ప పట్టుమగ్గం మనిషి. పెళ్ళాం కుర్చీలో కూర్చుని మీటలు నొక్కి జీతం తెస్తుందంటే మొదట్లో నవ్వాడు గానీ, తర్వాత వీధిలో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ పని ఎట్లా ఉండేదో చెప్పాలి. కంపెనీకి చుట్టుపక్కల జిల్లాల్లో డిపోలున్నాయి. రైతు పంపు కొన్నా, వాషరు కొన్నా డిపో గుమాస్తా బిల్లు రాస్తాడు. బిల్లు పైన ఒక కోడ్ ఉంటుంది. కోలారు బిల్లయితే ‘కెఎల్/1-12/బి’ అని. మొదటి అక్షరాలు ఊరిపేరు, తర్వాతి అంకె డిపో నెంబరు, గీత తర్వాతది బిల్లు నెంబరు, చివరి అక్షరం సరుకు రకం. ఆ మిషన్లకు అక్షరాలు పట్టవు, అంకెలే పడతాయి. కనుక ఆపరేటరు ఎడమచేత్తో బిల్లు తిప్పుతూ, కంటితో అక్షరాలనూ గీతలనూ దాటుకుంటూ, అంకెలు మాత్రం ఏరి, కుడిచేత్తో అట్టకార్డు మీద రంధ్రాలు పొడవాలి. ‘కెఎల్/1-12/బి’లో ఏరుకోవలసింది 1, 1, 2. మిగతాదంతా పొట్టు.

వినడానికి సులువుగా ఉంటుంది. కూర్చుంటే తెలుస్తుంది. గుమాస్తా రాసిన ఇంగ్లీషు బి ఎనిమిదిలా ఉంటుంది. ఎస్ ఐదులా ఉంటుంది. తొందరలో గీసిన అడ్డగీత నిలువుగా వచ్చి ఒకటి అయిపోతుంది. ఓ అక్షరానికీ సున్నాకీ తేడా దేవుడికే తెలియాలి. కొత్తగా చేరిన పిల్లలు గీతను ఒకటిగా పొడిచి, ఓ ని సున్నాగా పొడిచి, ఏడుపుముఖం పెట్టుకునేవాళ్ళు. పాపక్కకు ఆ బాధ లేదు. ఏ డిపో గుమాస్తా చెయ్యి ఎట్లా తిరుగుతుందో ఆమెకు తెలుసు. మాలూరు గుమాస్తా ఒకటికి టోపీ పెడతాడు, కాబట్టి టోపీ లేనిది గీత. ఇట్లా చెప్పేది. కన్ను బిల్లు మీదే ఉండేది, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. ఆ గదిలో ఆమెకు సాటి లేదు. ఆ సంగతి అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

గది పెద్ద వెంకటగిరియప్ప మెతక మనిషి, మితంగా మాట్లాడతాడు. కిటికీ పక్కన చేతులున్న ఒక పెద్ద కుర్చీ వేయించి, చాలాకాలం ఖాళీగా పెట్టాడు. ఆపరేటర్లకు పెద్దగా ఒకరిని పెట్టుకోమని కంపెనీ ఒప్పుకున్న రోజున ఆ కుర్చీలో ఆ ఒక్కరు కూర్చుంటారని అందరికీ తెలుసు. పాపక్క రోజూ ఆ కుర్చీ పక్కగా నడిచి తన బల్ల దగ్గరకు వెళ్ళేది. దాని చేతిమీద ఒక్కోసారి వేళ్ళు ఆనించేది. అది తనదేనని ఆమెకు అనుమానం లేదు, అరవై మూడులో జయమ్మ వచ్చేదాకా.

జయమ్మ బాణసవాడి వైపు పిల్ల. తండ్రి తోటపని. నూనె రాసి బిగించి అల్లిన జడ, పావడా వయసు దాటి అప్పుడప్పుడే చీర అలవాటైన నడక. మొదటి వారం పాపక్కే పని నేర్పింది. “కన్ను ముందు పోవాల, చెయ్యి వెనక రావాల. అక్షరం కనపడితే దాటుకో. నిలబడి దాన్ని చూడొద్దు” అని చెప్పింది. జయమ్మ తలూపింది. రెండో వారానికల్లా కన్ను ముందు పోయింది, చెయ్యి వెనక వచ్చింది.

పొడిచిన కార్డులను మళ్ళీ ఒకరు సరిచూడాలి. దానికి వేరే మిషను ఉంది. రెండో ఆపరేటరు అదే బిల్లు చూసి అవే అంకెలు మళ్ళీ నొక్కుతుంది. కార్డులోని రంధ్రాలతో కలిస్తే కార్డు జారిపోతుంది. కలవకపోతే ఎర్రదీపం వెలిగి మిషను నిలబడుతుంది. మూడుసార్లు నొక్కినా కలవకపోతే ఆ చోట కార్డు అంచు మీద గాటు పడుతుంది. ఆ గాటు కార్డులన్నీ తప్పు ట్రేలోకి పోతాయి. జయమ్మ కార్డులను పాపక్క సరిచూసేది. ఒక నెలంతా ఎర్రదీపం వెలగలేదు.

వెంకటగిరియప్ప ఆ ఖాళీ ట్రే చూసి, “బలే పిల్ల దొరికిందే పాపక్కా మనకు” అన్నాడు. మంచిగానే అన్నాడు. పాపక్కకు మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఇన్నేళ్ళుగా తన ట్రే ఖాళీగా ఉంటే ఆ మనిషి నోరు విప్పి ఒక్క మాట అనలేదు. గోడకున్న గడియారం ఆడుతున్నంత మామూలుగా తీసుకున్నాడు. నిన్న వచ్చిన పిల్లకు మాత్రం బలే!

ఆ రోజు నుంచి ఆమె కడుపులో మంట చల్లారలేదు. జయమ్మ నవ్వితే ఎందుకు నవ్వుతోందని, నవ్వకపోతే గర్వమని. జయమ్మకు ఆఫీసు కుర్రాడు కాఫీ ముందు పెడితే కళ్ళు కుట్టేవి. జయమ్మ జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే ప్రాణం హాయిగా ఉండి, మూడో రోజు వచ్చి కూర్చోగానే మళ్ళీ మొదలు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని అదే పాట.

“ఈ పొద్దు ఆ మహాతల్లి ఏం చేసినాదో తెలుసునా?” అనేది.

సొన్నప్ప సంగటి ముద్ద పులుసులో ముంచుతూ, “ఆ పిల్ల పేరు ఎత్తకుండా ఒక ముద్ద మింగప్పా. నీ కడుపులో ముద్దకు చోటే లేకుండా ఆమే కూకోని ఉండాది” అనేవాడు.

“నీకేం తెలుసు. ఆ కుర్చీ నాది.”

“నీదైతే ఇంకెందుకు ఏడుస్తావు?”

పాపక్క నీళ్ళు తెచ్చేది. చెంబు గట్టిగా పెట్టేది.

అరవై నాలుగు వేసవిలో కంపెనీ రెండు కొత్త డిపోలు తెరిచింది. అప్పటిదాకా తొమ్మిదే ఉండేవి. చింతామణిది పదోది, హిందూపురానిది పదకొండోది. కోలారు ఎప్పటిలాగే ఒకటోది. వెంకటగిరియప్ప కోలారు, చింతామణి, హిందూపురం బిల్లుల కట్టలు జయమ్మ బల్ల మీద పెట్టాడు. “కొత్త డిపోలు, కొత్త చేతిరాత. ఈ పిల్ల కన్ను చురుకు” అన్నాడు. పాపక్క బల్ల పక్కనే నిలబడి ఉంది. పైగా అదే రోజు ఇంకో మాట కూడా చెప్పాడు. దీపావళికి ముందు ఆపరేటర్లకు పెద్దను వేయాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. “మీ ఇద్దర్లో ఒకరు. పని చూసి వేస్తాను” అన్నాడు.

మీ ఇద్దర్లో! పాపక్క చెవుల్లో ఆ మాట రోజంతా గింగిరాలు కొట్టింది.

జయమ్మ ఆ కట్టలు విప్పి పని మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి ఆపింది. రెండు బిల్లులు పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఒకటి కోలారుది, ‘కెఎల్/1-12/బి’. రెండోది హిందూపురానిది, ‘హెచ్‌పి/11-2/బి’. అక్షరాలూ గీతలూ తీసేస్తే మొదటిదాంట్లో మిగిలేది 1, 1, 2. రెండోదాంట్లో మిగిలేదీ 1, 1, 2.

కార్డులో ఆ కోడ్‌కు ఐదు గళ్ళు ఇచ్చారు. పాత పద్ధతిలో ఏరిన అంకెలను ఎడమనుంచి వరసగా పొడిచి, మిగిలిన గళ్ళు ఖాళీగా వదిలేసేవాళ్ళు. మొదటి గడి ఎప్పుడూ డిపో నెంబరు. డిపోలు తొమ్మిది దాటనంతవరకు దాంట్లో లోపం లేదు. ఇప్పుడు పదకొండో డిపో బిల్లు కూడా మొదటి గడిలో ఒకటితోనే మొదలవుతుంది. చింతామణిదీ అంతే. ఊరిపేరు చెప్పే అక్షరాలను ముందే పారేశారు. ఇక కార్డులను గుంపులు చేసే మిషను ఈ మూడు డిపోల కార్డులనూ కోలారు గుంపులోకే తోసేస్తుంది.

జయమ్మ కాసేపు ఆలోచించి తనకు తోచినట్టు పొడవసాగింది. డిపోకు రెండు గళ్ళు, బిల్లుకు మూడు గళ్ళు. తక్కువైన చోట ముందు సున్నా. కోలారుది 0, 1, 0, 1, 2. హిందూపురానిది 1, 1, 0, 0, 2. రెండూ రెండుగా నిలబడ్డాయి. కట్ట సగం అయ్యాక, సరిచూసేది పాపక్క గనుక ముందు ఆమెకు చెప్పాలని కుర్చీ జరుపుకొని వచ్చింది.

“అక్కా, ఒక మాట. పదకొండో డిపో వచ్చినాది కదా, ఒట్టి అంకెలు పొడిస్తే కోలారుతో కలిసిపోతా ఉండాయి. నేను ముందర సున్నా వేసి పొడిచినా. నువ్వు కూడా అట్లే చూడు. సార్‌కి చెప్పి గుంపు మిషను కూడా రెండు గళ్ళు చూసేమాదిరి పెట్టమందామా?”

పాపక్క ఆ రెండు బిల్లులనూ చూసింది. ఒక్క చూపు చాలు ఆమెకు. ఇన్నేళ్ళుగా అంకెలు ఏరిన కన్ను అది. జయమ్మ చెప్పింది నిజమని ఆ క్షణంలోనే తెలిసింది. అంతకన్నా ముందు ఇంకొకటి తెలిసింది. ఇది వెంకటగిరియప్ప చెవిన పడితే కిటికీ పక్క కుర్చీ ఎవరిదో దీపావళి దాకా ఆగకుండానే తేలిపోతుంది. తను అందరికీ నేర్పిన పద్ధతిలో బొక్క ఉంది, దాన్ని కనిపెట్టింది నిన్నటి పిల్ల. 

“నీకెవరు చెప్పినారు సున్నాలు వేయమని?” అంది. “బిల్లులో సున్నా ఉండాదా? లేనిది నువ్వు ఎట్ల వేస్తావు? ఉండే అంకెలు ఏరేదే మన పని. కల్పించేది కాదు.”

“అది కాదక్కా…”

“నీ పని పొడిచేది. నా పని చూసేది. పోయి కూకో.”

జయమ్మ వెళ్ళి కూర్చుంది. ఆమె ఇంకా ఖాయం కాని మనిషి. ఏడాది నిండేదాకా ఎప్పుడైనా పంపేయొచ్చు. తనకన్నా పెద్దదాన్ని దాటుకుని గది పెద్ద దగ్గరికి ఎట్లా పోతుంది?

మధ్యాహ్నం పాపక్క ఆ కార్డులు సరిచూడడానికి కూర్చుంది. బిల్లు చూసి పాత పద్ధతిలో నొక్కింది. కోలారు కార్డు మొదటి గడిలోనే సున్నా ఉంది, తను నొక్కింది ఒకటి. ఎర్రదీపం. హిందూపురం కార్డులో రెండు గళ్ళు కలిసి మూడో గడిలో ఎర్రదీపం. మళ్ళీ ఎర్రదీపం. గాటు మీద గాటు. ఇన్ని నెలలుగా వెలగని దీపం ఆ సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది. ప్రతి దీపానికీ పాపక్క లోపల చల్లగా ఉండేది. నిండిన తప్పు ట్రేను రెండు చేతులా ఎత్తి, అందరూ చూస్తుండగా గది మధ్యగా నడిచి వెంకటగిరియప్ప బల్ల మీద పెట్టింది.

“చూడండి సార్, మీ చురుకు కన్ను పిల్ల పని. అంకెలు ఏరేదే తెలవలేదు.”

ఆయన ట్రే చూసి జయమ్మ వైపు చూశాడు. “ఏమమ్మా ఇది?” అని మాత్రం అన్నాడు. జయమ్మ నోరు తెరిచేలోపల పాపక్క అందుకుంది. “నేను నేర్పిస్తా లెండి సార్. తిరిగి పొడిపిస్తా.” ఆయన సరేనన్నాడు.

జయమ్మ ఆ కట్టంతా తిరిగి పొడిచింది, పాపక్క చెప్పినట్టే. పాపక్క తిరిగి సరిచూసింది. కార్డులు జారుకుంటూ వెళ్ళిపోయాయి. ఒక్క ఎర్రదీపం లేదు. పొడిచినవాళ్ళూ చూసినవాళ్ళూ ఇద్దరూ ఒకే తప్పు చేస్తే మిషను ఏం కనిపెడుతుంది? అది ఒప్పుకుని పంపించేసింది. నడుమ ఒకసారి పాపక్క చేతికి 112 అని పొడిచిన కార్డులు రెండు వెంట వెంటనే వచ్చాయి. ఒకటి కోలారుది, ఒకటి హిందూపురానిది. చూసింది. చూసి, నొక్కింది. అప్పుడైనా ఆపి ఉండొచ్చు. ఆపలేదు. ఎందుకు ఆపలేదని అడిగితే ఆమె ఏం చెప్పేదో నాకు తెలియదుగానీ, ఆ సమయంలో ఆమె ముఖం చూసినవాళ్ళకు అడగాల్సిన అవసరం ఉండేది కాదు.

కార్డుల లెక్క చూసి ఏ డిపోకు ఎంత సరుకు మళ్ళీ పంపాలో తేల్చేవాళ్ళు. ఆ నెల కోలారుకు లారీల మీద లారీలు పోయాయి. చింతామణికీ హిందూపురానికీ అమ్మకమే లేదని కాగితం చెప్పింది గనుక ఏమీ పోలేదు. చింతామణి వాళ్ళు ఫోన్ చేసి కేకలేశారు. హిందూపురం డిపో నడిపే రామాంజినప్ప ఫోన్‌తో సరిపెట్టుకునే రకం కాదు. రాత్రి రైలెక్కి పొద్దున్నే తలపాగాతో సహా గదిలోకి వచ్చేశాడు.

“ఏమప్పా, మా ఊర్లో పంపులు అమ్మేది మేము, సరుకు పోయేది కోలారుకా?” అన్నాడు. “బావుల్లో నీళ్ళుండాయి, పైకి తోడేదానికి ఒక్క వాషరు లేదు. మడి ఎండిపోతా ఉండాది. రైతులు డిపో ముందర కూకోని నన్ను తిడతా ఉండారు. కోలారోళ్ళు సరుకు పెట్టేదానికి తావు లేక వరండాలో పోసినారంట!”

వెంకటగిరియప్పకు చెమట పట్టింది. కట్టలు తెప్పించాడు. ప్రతి కట్టకు చీటీ ఉంటుంది, పొడిచింది ఎవరు, చూసింది ఎవరు అని. పొడిచింది జయమ్మ. చూసింది పాపక్క. ఇద్దరినీ పిలిచాడు. రామాంజినప్ప ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. గదిలో మిషన్ల చప్పుడు ఆగిపోయింది, అందరూ చెవులు ఇటు వేశారు.

“ఈ కార్డులు ఎట్ల కలిసిపోయినాయి?” అని అడిగాడు ఆయన.

జయమ్మ పాపక్క వైపు చూసింది. ఆమె చెబుతుందని ఎదురుచూసినట్టుంది. పాపక్క చూపు తిప్పుకుంది. అప్పుడు జయమ్మే చెప్పింది. “కలిసిపోతాయని నేను ముందే చెప్పినా సార్. వేరేమాదిరి పొడిచినా. అక్క వద్దనింది. తిరిగి పొడిపించింది.”

“పాపక్కా, నీతో చెప్పినాదా?”

ఒక్క మాట. అవునంటే కుర్చీ పోయినట్టే. ఇన్నేళ్ళ పేరు పోయినట్టే. ఆ పిల్ల గెలిచినట్టే. అన్నిటికన్నా ఆ చివరిదాన్నే ఆమె ఓర్చుకోలేకపోయింది. “నాతో ఏమీ చెప్పలేదు సార్. ముందు ట్రే నిండా తప్పులు పొడిచింది, మీరే చూసినారు కదా. తిరిగి పొడిచేటప్పుడు గందరగోళం చేసుకున్నట్టుండాది. నేను బిల్లులో ఉండే అంకెలు చూసినా, కలిసినాయి. నాకేం తెలుసు?”

ఆ కార్డులు ఎప్పుడో చెత్తలోకి పోయినా వెంకటగిరియప్పకు ఆ ట్రే గుర్తుంది. గది మధ్యగా మోసుకొచ్చిన ట్రే అందరికీ గుర్తుంది. రామాంజినప్ప ఎదుట ఎవరో ఒకరిని తప్పించక తప్పదు. ఏడాది నిండని మనిషిని తప్పించాడు. జయమ్మ ఏడవలేదు. తన టిఫిను క్యారియరు తీసుకుంది. పాపక్క బల్ల పక్కగా వెళ్తూ ఆగి, ఏదో అనబోయి, అనకుండా వెళ్ళిపోయింది. అన్నా బాగుండునని పాపక్కకు అనిపించింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టడానికి వీలుండేది.

మరుసటి వారం పాపక్క వెంకటగిరియప్ప దగ్గరికి వెళ్ళింది. “సార్, ఇంకోసారి ఇట్ల కాకుండా ఒక ఉపాయం ఉండాది” అంది. డిపోకు రెండు గళ్ళు, బిల్లుకు మూడు, ముందర సున్నాలు, గుంపు మిషను రెండు గళ్ళూ చూసేలా అమరిక. అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇది తట్టాలంటే అనుభవం ఉండాల పాపక్కా” అన్నాడు. పై ఆఫీసుకు రాసి పంపాడు. దీపావళికి ముందే కిటికీ పక్క కుర్చీ ఆమెదయింది.

అనుకున్నది దక్కితే మనిషి చల్లబడాలి కదా? పాపక్క చల్లబడలేదు. కొత్త పిల్లలు వచ్చి, “అక్కా, ఈ సున్నాల పద్ధతి మీరే కనిపెట్టినారంట కదా” అంటే ఊ అనేది. ఆ ఊ అన్న రోజు ఇంటికెళ్ళి చెంబులు విసిరేది. పక్కన లేని పిల్ల మీద ఎందుకు మండుతోందో సొన్నప్పకు అర్థమయ్యేది కాదు. “ఇంకా ఎవరి మీద అప్పా నీ కోపం? ఆ పిల్ల పోయినాది. కుర్చీ వచ్చినాది” అనేవాడు. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకునేది. పొగిడిన ప్రతి మాటా దారి తప్పి తన ఇంటికి వచ్చిన ఇంకొకరి సారెలా ఉండేది. తీసుకోవాలి, పెట్టె అడుగున దాచుకోవాలి, కట్టుకోవడానికి మాత్రం ఒళ్ళు ఒప్పదు.

అరవై ఏడులో ఊరి బయట ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు కొత్తరకం మిషన్లు తెచ్చారని, చూసి రమ్మని కంపెనీ వెంకటగిరియప్పనూ పాపక్కనూ పంపింది. అక్కడ కార్డుల గది చాలా పెద్దది. కొత్తగా చేరిన ఆడపిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య నిలబడి ఒకరి భుజం మీదుగా వంగి బిల్లు చూపిస్తున్న మనిషి తల ఎత్తింది. జయమ్మ. కాస్త ఒళ్ళు చేసింది. అదే బిగించి అల్లిన జడ.

 ఇప్పుడు ఆ మాట అంటుంది, అనుకుంది పాపక్క. ఇంతమందిలో, వెంకటగిరియప్ప ఎదుట, ఇప్పుడు అంటుంది. ఆ క్షణంలో భయంతో పాటు ఒక విచిత్రమైన ఊరట కూడా కలిగింది.

జయమ్మ దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టింది. “సార్, బాగుండారా? అక్కా, రా” అని చెయ్యి పట్టుకుని పిల్లల ముందుకు తీసుకెళ్ళింది. “ఈమె పాపక్క. కన్ను ముందు పోవాల, చెయ్యి వెనక రావాలని మీకు రోజూ చెప్తా ఉండానే, అది నాకు నేర్పింది ఈమే. బిల్లులో అంకెలు ఏరేదాంట్లో ఈమెకు సాటి ఎవరూ లేరు.”

పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. వెంకటగిరియప్పకు సంతోషం పట్టలేదు. తన మనిషిని ఎవరో పొగిడితే తను వెనకపడకూడదు కదా. పాపం ఆ మనిషికి ఏం తెలుసు? “అంతే కాదమ్మా” అన్నాడు. “అంకెలకు ముందర సున్నాలు వేసే పద్ధతి ఉండాదే, అది కూడా మా పాపక్క కనిపెట్టిందే.”

జయమ్మ పాపక్క ముఖంలోకి చూసింది. ఎంతోసేపు చూడలేదు, ఒక బిల్లు చదివినంతసేపు. పాపక్క నోరు తెరవలేదు. తెరవడానికి ఇచ్చిన సమయం అది అని ఆమెకు తెలుసు. అయినా తెరవలేదు.

“అవునా సార్?” అంది జయమ్మ. “మంచి పద్ధతి. మేము కూడా అట్లే చేస్తా ఉండాము.” అని నవ్వి, ఎవరో పిల్ల పిలిస్తే అటు వంగిపోయింది. ఆ పిల్ల అడ్డగీతను ఒకటిగా పొడిచినట్టుంది. ఎట్లా దాటుకోవాలో ఓపికగా చూపించసాగింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాపక్క కిటికీ పక్కన కూర్చుంది. వెంకటగిరియప్ప ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు. ఆమె ఏడ్చింది. చేసినదానికి పశ్చాత్తాపపడి ఏడ్చిందని చెప్పాలని నాకూ ఉంది, కానీ అది నిజం కాదు. ఆ పేరు కోసం తను అబద్ధమాడింది, ఒక పిల్ల పొట్ట మీద కొట్టింది, మూడేళ్ళు నిద్ర చెడగొట్టుకుంది. ఆ పిల్ల దాన్ని చెయ్యి చాచి మళ్ళీ తనకే ఇచ్చేసి, పని చూసుకోవడానికి వెళ్ళిపోయింది. అంత తేలిగ్గా ఇవ్వగలగడం కూడా ఆ పిల్లకే వచ్చింది. పాపక్క ముక్కు చీదుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మునుపెన్నడూ కుళ్ళుకోనంతగా జయమ్మ మీద కుళ్ళుకుంది.